పచ్చచీర ఆమె వచ్చినకాడ పాట మార్చు తమ్మీ

పెళ్లి వీడియో మిక్సింగ్ చేసే ఎవరి వాట్సాప్ తెరిచినా ఇలాంటి వాయిస్ మెసేజ్ ఒకటి దొరుకుతుంది. "తమ్మీ, పచ్చచీర ఆమె వచ్చినకాడ ఆ పాట తీసెయ్. మా చిన్నమామ ఒక్కకాడ గూడ కనవడలే. అప్పగింతలు ఇంకొంచెం పెంచు." చెప్పినవాళ్లకు అంతా స్పష్టంగానే ఉంది. వాళ్ల కళ్ల ముందు వాళ్ల ఇంటి పెళ్లి తిరుగుతోంది. రెండున్నర గంటల వీడియోలో పచ్చచీరలు ఎన్ని ఉన్నాయో, ఆ ఇంటి చిన్నమామ ఎవరో తెలియక కూర్చున్నది మాత్రం ఎడిటర్.

మాడుగులపల్లి నల్లగొండ, మిర్యాలగూడ నడుమ రోడ్డు మీద ఉంటుంది. నాకు పని మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ స్టూడియోల నుంచి వస్తుంది. కెమెరా వాళ్లది, బేరం వాళ్లది, పెళ్లివాళ్లతో చుట్టరికం లాంటి పరిచయం కూడా వాళ్లదే. హార్డ్‌డిస్క్ ఒక్కటే నా దగ్గరికి వస్తుంది. అంటే వీడియో బాగుందో లేదో చెప్పాల్సిన మనుషులకూ నాకూ మధ్య స్టూడియో అన్న ఉంటాడు, ఆయన వెనక రెండు కుటుంబాలు ఉంటాయి, ఆ కుటుంబాల్లో ఒకరిద్దరు అమెరికాలో ఉంటారు. మాట ఇన్ని చేతులు మారి వచ్చేటప్పుడు ఏ చోట, ఏ కాపీలో, ఏం మార్చాలి అన్న మూడూ దారిలోనే జారిపోతాయి. వాటిని జారిపోకుండా పట్టుకోవడం గురించే ఈ వారం రాస్తున్నాను.

కాపీ సంగతి ముందు చెప్పాలి, ఎక్కువ చిక్కు అక్కడే ఉంది. పెళ్లి భాగం మొదటి కాపీ పంపామనుకుందాం. ఎనిమిదో నిమిషం దగ్గర పూజ సాగదీసినట్టు ఉందని ఒకరంటే 48 సెకన్లు తీసేశాం. ఆ క్షణం నుంచి దాని తర్వాత ఉన్న ప్రతి షాట్ 48 సెకన్లు ముందుకు జరిగింది. మరునాడు ఇంకొకరు పాత కాపీయే చూస్తూ "41 నిమిషాల 50 సెకన్ల దగ్గర పేరు తప్పు పడ్డది" అన్నారు. కొత్త కాపీలో అక్కడ పేరే ఉండదు. అది 41 నిమిషాల 2 సెకన్ల దగ్గర ఉంది. ఒక్క కోత అయితే లెక్క కట్టుకోవచ్చు. పది కోతలు, నాలుగు చేర్పులు అయ్యాక ఆ లెక్క ఎవరికీ అందదు. మార్పులను విడతలుగా తీసుకోవాలనడానికి నాకు తెలిసిన అసలు కారణం ఇదే. ఎడిటర్ ఓపికకూ దీనికీ సంబంధం లేదు. ఒక కాపీ మీద అందరి మాటలూ ఒక్కసారే వచ్చేస్తే ఏ నిమిషమూ మారదు, అన్నీ వాటి చోటనే దొరుకుతాయి.

అందుకే నేను పంపే చూపుడు కాపీలో రెండు అంకెలు బొమ్మ మీదే పడి ఉంటాయి. పై మూలన కాపీ నంబరు, కింద నడిచే గడియారం. ప్రీమియర్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎఫెక్ట్స్ కింద `Timecode Overlay` అని ఉంటుంది, డావిన్చి రిజాల్వ్‌లో `Data Burn-In` అంటారు. పెళ్లివాళ్లకు చెప్పేది ఒక్కటే: ఎక్కడ బాగాలేదనిపిస్తే అక్కడ ఆపి స్క్రీన్‌షాట్ తీసి, దాని కింద ఒక మాట రాయండి. సినిమా వాళ్లు, యాడ్ ఏజెన్సీల వాళ్లు ఫ్రేమ్.ఐఓ లాంటి వేదికల్లో వీడియో మీదే వ్యాఖ్య రాసుకుంటారు. అది మంచి పద్ధతే. కానీ కోదాడ పక్క ఊళ్లో ఉన్న పెళ్లికూతురి తండ్రిని కొత్త యాప్‌లోకి రమ్మనలేం. స్క్రీన్‌షాట్ తీయడం ఆయనకు వచ్చు, లేదా మనవడికి వచ్చు. `P2 V1 00:41:50:12` అని పడిన ఫొటో ఎన్ని గ్రూపులు తిరిగి నా దగ్గరికి వచ్చినా, అది ఏ భాగం, ఏ కాపీ, ఏ నిమిషం అన్నది దానిమీదే ఉంటుంది. చివరి రెండంకెలు ఫ్రేములు, సెకనుకు 25. వాటిని పట్టించుకోనక్కర్లేదని వాళ్లకు ముందే చెప్తాను.

ఆ `P2` అంటే రెండో భాగం. పెళ్లి మొత్తాన్ని ఒకే ఫైలుగా నేను ఎవరికీ పంపను. ఫిల్మ్ రోజుల్లో వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు ఆడేది. కోటగిరి వెంకటేశ్వరరావు గారి తరం ఎడిటర్లు సినిమాను రీళ్లుగానే కూర్చారు. మూడో రీల్లో ముక్క తీస్తే ఎనిమిదో రీలు కదలదు. ఫిల్మ్ పోయినా పెద్ద సినిమాల్లో సౌండ్‌కూ రంగుల పనికీ బొమ్మను రీళ్లుగానే అప్పగించే అలవాటు ఉంది. పెళ్లి వీడియోకు కూడా అదే పనికొస్తుంది. పసుపు, మైలపోలు, ఎదుర్కోళ్లు ఒక భాగం. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, కట్నాల చదివింపులు రెండో భాగం. అప్పగింతలు, రిసెప్షన్ మూడోది. 45, 60, 45 నిమిషాలు అనుకోండి. మొదటి భాగంలో ఎంత కోసినా మిగిలిన రెండింట్లో ఒక్క సెకను జరగదు. మైలపోలు పెళ్లికూతురి ఇంట్లో జరిగింది కాబట్టి ఆ భాగం గురించి వాళ్లే మాట్లాడతారు. రిసెప్షన్ గురించి పెళ్లికొడుకు ఇంటివాళ్లు మాట్లాడతారు. గొడవంతా రెండో భాగం మీదికి వస్తుంది, అక్కడే ఎక్కువ సమయం పెట్టుకోవచ్చు.

మొన్నటి ఒక పెళ్లి పని చెప్తాను. మిర్యాలగూడలో ఫంక్షన్ హాలు, పిల్ల వాళ్లది కోదాడ వైపు, పిల్లగాడిది సూర్యాపేట. పెళ్లికొడుకు అక్క డాలస్‌లో ఉంటుంది, పెళ్లికి రాలేకపోయింది. వీడియో అందరికంటే ఎక్కువ ఆమెకే కావాలి. పని మొదలుపెట్టకముందే స్టూడియో అన్నకు నేను ఇలా రాశాను:

"అన్నా, వీడియో మూడు భాగాలుగా పంపుత. రెండు విడతల మార్పులు రేటులోనే ఉంటయి. మొదటి విడతల మనుషులు, వరుస, నిడివి, పాటలు. రెండో విడతల పేర్లు, రంగు, చిన్నచిన్నయి. రెండిళ్ల మాటలు ఒకళ్లే జమచేసి ఒకేసారి పంపాలె. నా దిక్కు తప్పు ఎప్పుడు దొరికినా ఊకెనే సరిచేస్త. కొత్త క్లిప్పులు వస్తే వేరే మాట్లాడుకుందాం. ఇంకొకటి, రెండిళ్లల్ల తప్పకుండ కనవడాల్సిన చుట్టాల ఫొటోలు పేర్లతోటి పంపియ్యి."

చివరి వాక్యాన్ని చాలామంది పట్టించుకోరు. నాకు మాత్రం అదే అన్నిటికంటే పెద్ద అక్కర. కెమెరామన్‌కు మేనమామ ఎవరో తెలియదు, నాకూ తెలియదు. బాగా నవ్వినవాళ్లు, వెలుతురులో నిలబడినవాళ్లు సహజంగానే వీడియోలోకి వచ్చేస్తారు. స్తంభం పక్కన కూర్చున్న మేనమామ రాడు. పదిహేను మంది ఫొటోలు ముందే దగ్గరుంటే, ఫుటేజ్ మొదటిసారి చూసేటప్పుడే వాళ్లున్న షాట్లకు గుర్తు పెట్టుకుంటాను. "మావోళ్లు లేరు" అనే మాటలు సగానికి సగం అక్కడే తీరిపోతాయి.

రెండిళ్ల మాటలు జమచేసే పని డాలస్ అక్క తీసుకుంది. మొదటి కాపీకి ఆమె పంపిన జాబితాలో రెండో భాగం గురించినవి ఇవి. 12:40 దగ్గర జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పంతులుగారి చెయ్యి అడ్డం వచ్చింది, వేరే వైపు షాట్ ఉంటే పెట్టండి. 21:05 నుంచి తలంబ్రాల పాట మార్చండి. 33:18 చదివింపుల్లో చిన్నమామ లేడు. 41:50 దగ్గర పెళ్లికూతురి ఇంటిపేరు తప్పు. వీటికి తోడు, తాళి కట్టేటప్పుడు తమ్ముడి దోస్తు ఫోన్లో తీసిన వీడియో ఒకటి ఉంది, అది కలపండి.

ఇలాంటి జాబితా రాగానే ఒక్కోదాని పక్కన తప్పు, మార్పు, చేర్పు అని మూడిట్లో ఒకటి రాసుకుంటాను. ఇంటిపేరు తప్పు నాది. శుభలేఖలో ఒక తీరు ఉంటే తెర మీద ఇంకో తీరు పడింది, దానికి విడత లెక్క లేదు. చిన్నమామ ఫొటో జాబితాలో ఉంటే అదీ తప్పే, లేకుంటే మార్పు. ఈసారి ఫొటో రాలేదు, అందుకని మార్పు కిందే రాశాను. షాటూ పాటా మార్పులే. ఫోన్ వీడియో చేర్పు. ఈ మూడింటినీ ఒకే గంపలో వేస్తే ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది. తప్పును విడతలో లెక్కపెడితే పెళ్లివాళ్లు నష్టపోతారు, చేర్పును మార్పు అనుకుంటే నేను నష్టపోతాను. పక్కన ఆ మాట రాసి జాబితా తిరిగి స్టూడియోకు పంపితే, బేరం గురించి వేరే వాదన అక్కర్లేదు. ఏది ఎందుకో వాళ్లకే కనపడుతుంది.

ఇక పని చేసేటప్పుడు జాబితాను కిందినుంచి పైకి చేస్తాను. 41:50 ముందు, తర్వాత 33:18, ఆ తర్వాత 21:05, చివరికి 12:40. వెనకది మార్చితే ముందున్న నిమిషాలు కదలవు కాబట్టి, రాసిన అంకెలన్నీ చివరిదాకా నిజంగానే ఉంటాయి. మార్చబోయే ముందు సీక్వెన్స్‌ను నకలు తీసి `P2_V1` అలాగే ఉంచి, పని `P2_V2` మీద చేస్తాను. ఎవరైనా వారం తర్వాత పాత కాపీ స్క్రీన్‌షాట్ పంపినా, పాత సీక్వెన్స్‌లో ఆ ఫ్రేమ్ దగ్గరికి పోయి షాట్ ఏదో చూసి కొత్తదాంట్లో పట్టుకోవచ్చు.

తలంబ్రాల పాట ఈ జాబితాలో అన్నిటికంటే బరువైనది. చెప్పేవాళ్లకు అది ఒక్క మాట. కానీ ఆ నాలుగు నిమిషాల్లో ప్రతి కోతా దరువు మీద పడి ఉంటుంది. గింజలు నెత్తిన పడటం, నవ్వు, వెనక చప్పట్లు అన్నీ పాట నడకను పట్టే కూర్చుని ఉన్నాయి. పాట మార్చడమంటే గోడ కింది వరుసలో ఇటుక లాగినట్టే, ఆ ఘట్టమంతా మళ్లీ కట్టాలి. అందుకే పాటల మాట మొదటి విడతలోనే తేలాలని పట్టుబడతాను. ఇప్పుడైతే ఇంకొక పద్ధతి కూడా పెట్టుకున్నాను. ఎడిటింగ్ మొదలుకాకముందే తలంబ్రాలు, అప్పగింతలు, రిసెప్షన్ ఎంట్రీ ఈ మూడింటికి పాటలు పెళ్లివాళ్లనే అడుగుతాను. మిగతావి నా ఇష్టానికి వదిలేస్తారు. సినిమా పనిలో బొమ్మ ఖాయమైంది అని ఒక రోజు పెట్టుకుంటారు, దాన్ని పిక్చర్ లాక్ అంటారు. నేపథ్య సంగీతం, శబ్దం, రంగు చివరి మెరుగు ఆ తర్వాతే. పెళ్లి వీడియోలో మొదటి విడత ముగియడమే మన లాక్. రెండో విడతలో పాట మార్చమంటే కాదనను గాని, అది కొత్త పని కింద ఉంటుందని ముందే రాసి ఉంటుంది.

దోస్తు ఫోన్ వీడియో గురించి కూడా ఒక సంగతి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో నలిగి చిన్నదై వస్తుంది. దాన్నే డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది, రెండు జీబీల దాకా పోతుంది. అలా తెప్పించుకున్నా ఇంకో చిక్కు మిగులుతుంది. ఫోన్లు చాలావరకు సెకనుకు ఇన్ని ఫ్రేములని నికరంగా తీయవు, వెలుతురును బట్టి ఎక్కువ తక్కువ చేస్తాయి. అలాంటి క్లిప్పు టైమ్‌లైన్ మీద పెడితే మొదట్లో మంత్రానికీ పెదవులకూ పొత్తు కుదిరినట్టే ఉంటుంది, చివరికి వచ్చేసరికి మాట ఒక దిక్కు, నోరు ఒక దిక్కు. మొదలు చూసి సరే అనుకోవద్దు, చివరి పది సెకన్లు చూడాలి. హ్యాండ్‌బ్రేక్‌లో `Constant Framerate` ఎంచుకుని 25కు మార్చి, ఆ తర్వాతే కలపాలి.

ఇప్పుడు డ్రైవ్. అసలు ఫుటేజ్ నాలుగు వందల జీబీ దాకా ఉంటుంది. నికరంగా 50 మెగాబిట్ల వేగం దొరికినా అది ఎక్కడానికి దగ్గరదగ్గర పద్దెనిమిది గంటలు పడుతుంది, దించుకోవడానికి మళ్లీ అంత. దానికి హార్డ్‌డిస్క్ బస్సెక్కి రావడమే మేలు. క్లౌడ్ నాకు రెండింటికే కావాలి, చూపుడు కాపీకీ చివరి కాపీకీ.

చూపుడు కాపీ రెండు మెగాబిట్ల మీద తీస్తాను. ఫైలు సైజు లెక్క సులువే: మెగాబిట్లను ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని ఎంబీలో వస్తుంది. రెండు మెగాబిట్లంటే నిమిషానికి 15 ఎంబీ, 60 నిమిషాల భాగానికి 900 ఎంబీ. ఇది ఫోన్లో చూడటానికి చాలు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చని మార్చిన తర్వాతే పంపాలి. మార్చకుంటే రాత్రంతా అనుమతి అడిగే మెయిళ్లే వస్తాయి. ఎక్కించిన వెంటనే కూడా పంపకూడదు. డ్రైవ్ ఆ వీడియోను తన ప్లేయర్ కోసం తిరిగి తయారు చేసుకుంటుంది, ముందు మసక కాపీ వస్తుంది, మంచిది తర్వాత వస్తుంది. ఆ మసకదాన్ని చూసి "కెమెరానే బాగలేదు" అని స్టూడియో మీద పడిన ఇళ్లున్నాయి. నేను ఎక్కించాక కొంత ఆగి, నా ఫోన్లో తెరిచి, ప్లేయర్‌లో నాణ్యత అంకె పెరిగిందని చూసుకున్నాకే లింక్ పంపుతాను.

రెండో కాపీకి కొత్త లింక్ ఇవ్వను. డ్రైవ్‌లో అదే ఫైలు మీద `Manage versions` నొక్కి కొత్తది ఎక్కిస్తే లింక్ పాతదే ఉంటుంది. అత్తగారింటి గ్రూపులో, ఆఫీసు దోస్తుల గ్రూపులో ఎక్కడెక్కడ ఆ లింక్ పడి ఉందో, అక్కడంతా ఇప్పుడు రెండో కాపీయే తెరుచుకుంటుంది. పాతదాని మీద మాట్లాడేవాళ్లే ఉండరు. అందుకే ఈ ఫైలు పేరులో కాపీ నంబరు పెట్టను, బొమ్మ మీద ఉన్నదే చాలు.

రెండో విడత కూడా ముగిసి, స్టూడియో బాకీ ముట్టాక, అంకెలు లేని చివరి కాపీ. ఇక్కడ 4కే అడుగుతారు. హైలైట్స్‌కు ఇస్తాను, రెండున్నర గంటల నిడివికి వద్దని చెప్తాను. చివరికి అది ఆడాల్సింది పల్లెలో ఎనిమిదేళ్ల కిందటి టీవీలో, పెన్‌డ్రైవ్ పెట్టి. హెచ్.265లో తీస్తే సైజు దాదాపు సగమవుతుంది గాని, పాత టీవీల్లో కొన్నిటికి అది అర్థం కాదు. మంత్రాలు వినపడతాయి, తెర నల్లగా ఉంటుంది. అందుకని ఎంపీ4లో హెచ్.264, 1080, సెకనుకు 25 ఫ్రేములు, ఎనిమిది మెగాబిట్లు. 60 నిమిషాల భాగం శబ్దంతో కలిపి 3.7 జీబీ అవుతుంది.

ఆ అంకెకూ ఒక అర్థం ఉంది. 32 జీబీ దాకా ఉన్న పెన్‌డ్రైవ్‌లు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో వస్తాయి. అందులో ఒక్కో ఫైలు నాలుగు జీబీలకు మించకూడదు. మొత్తం పెళ్లి ఒకే ఫైలు చేస్తే తొమ్మిది జీబీలు దాటుతుంది. పెన్‌డ్రైవ్‌లో జాగా ఎంత ఖాళీగా ఉన్నా "ఫైలు చాలా పెద్దది" అని కాపీ ఆగిపోతుంది. ఎక్స్‌ఫ్యాట్ చేస్తే ఎక్కుతుంది, కానీ కొన్ని పాత టీవీలు ఆ పెన్‌డ్రైవ్‌ను గుర్తే పట్టవు. మూడు భాగాలుగా ఉంటే ఈ తంటా ఏదీ లేదు.

డాలస్ అక్కకు ఆ మూడు ఫైళ్లే డ్రైవ్‌లో ఎక్కించాను. 30 మెగాబిట్ల అప్‌లోడ్ మీద ముప్పావు గంట పట్టింది. ఆమెకు చెప్పింది ఒక్కటే, అక్కడే ప్లే చేసి చూడొద్దు, దించుకుని చూడండి. ప్లే చేస్తే కనపడేది డ్రైవ్ తయారు చేసుకున్న కాపీ, నేను పంపింది దించుకుంటేనే వస్తుంది. అవి నా ఖాతాలో నెల రోజులు ఉంటాయని తేదీతో సహా రాశాను. ఉచితంగా ఇచ్చేది 15 జీబీలు, అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా. ఒక పెళ్లి తొమ్మిది తింటే రెండో పెళ్లికి చోటు లేదు. తీసేసినవి కూడా చెత్తబుట్టలో ముప్పై రోజులు ఆ లెక్కలోనే ఉంటాయి, బుట్ట కూడా ఖాళీ చేయాలి. నెలకు రెండు మూడు పెళ్లిళ్లు చేసేవాళ్లు డబ్బు కట్టి 100 జీబీలు తీసుకోవడమే నయం.

విడతకు గడువు గురించి స్టూడియోల వాళ్లతో నాకింకా పేచీ ఉంది. వారంలో జవాబు రాకుంటే నచ్చినట్టే లెక్కవేసి ముగించమంటారు కొందరు. పెళ్లి వీడియోకు అది సరికాదని నా అభిప్రాయం. ఇంట్లో పెద్దాయనకు ఒంట్లో బాగోలేకపోవచ్చు, పెళ్లికూతురు వీసా పనిలో ఉండొచ్చు. వారం దాటితే పని ఆగదు, వరుస తప్పుతుంది అంతే. వాళ్ల జాబితా వచ్చిన రోజున నా దగ్గర ఎన్ని పెళ్లిళ్లు వేచి ఉంటే వాటి వెనక నిలబడుతుంది. మాఘం, ఫాల్గుణాల్లో అలా వెనకబడితే నెలలు పట్టవచ్చు. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి త్వరగా అయిపోతుంది. ఈ సంగతి కూడా మొదటి మెసేజ్‌లోనే రాస్తున్నాను ఇప్పుడు. డాలస్ అక్క జాబితా నాలుగో రోజుకే వచ్చింది. రెండో విడతలో ఆమె అడిగింది రెండే: రిసెప్షన్‌లో ముఖాలు కొంచెం పసుపు పచ్చగా ఉన్నాయి, తగ్గించమంది, తన పిల్లల పేర్లు కూడా చివర్లో వేయమంది. పేర్లు ఎలా రాయాలో ఆమెనే టైప్ చేసి పంపమన్నాను.